ఆకు అంచు మీద ఒక సరళరేఖ

1638 జనవరిలో హాలండ్‌లో ఉంటున్న ఫ్రెంచ్ తత్వవేత్త రెనే దెకార్త్, పారిస్‌లో ఉండే మిత్రుడు మారిన్ మెర్సెన్‌కు ఓ ఉత్తరం రాశాడు. మెర్సెన్ క్రైస్తవ సన్యాసి. ఆ రోజుల్లో యూరప్ గణిత పండితుల ఉత్తరాలన్నీ ఆయన చేతుల మీదుగానే అటూ ఇటూ నడిచేవి. దెకార్త్ ఆ ఉత్తరంలో ఒక వక్రం గురించి చెప్పాడు. ఒక సంఖ్య ఘనం, మరో సంఖ్య ఘనం కలిపితే ఆ రెండు సంఖ్యల లబ్ధానికి ఫలానా రెట్లు అవుతుంది, అంతే ఆ వక్రం నియమం. దాని మీద ఒక బిందువు చూపిస్తే అక్కడ స్పర్శరేఖ గీయగలడేమో తులూజ్‌లో ఉన్న ఆ పెద్దమనిషిని అడగండి అన్నది దాని సారాంశం.

ఆ పెద్దమనిషి పియరీ ద ఫెర్మా. ఉద్యోగం తులూజ్ న్యాయస్థానంలో, మనసు మాత్రం గణితంలో. స్పర్శరేఖలు కనుక్కోవడానికి తన దగ్గర ఒక పద్ధతి ఉందని అప్పటికే మెర్సెన్ ద్వారా కబురు పంపాడు. అది ఏవో తేలిక వక్రాలకు పనికొచ్చే చిట్కా తప్ప పద్ధతి కాదని దెకార్త్ అనుమానం. అందుకే కొరుకుడుపడని వక్రాన్ని ఏరి మరీ పంపాడు.

ఆ వక్రాన్ని ఇప్పుడు దెకార్త్ ఫోలియం అంటారు. ఒక సంఖ్యను ఎంచుకుని రాస్తే దాని సమీకరణం ఇలా ఉంటుంది:

x³ + y³ = 6xy

గ్రాఫు కాగితం మీద గీస్తే x, y రెండూ ధనాత్మకమైన పాదంలో ఒక ఆకు కనిపిస్తుంది. ఆకు కాడ మూలబిందువు దగ్గర, కొన (3, 3) దగ్గర. కాడ నుంచి రెండు తోకలు, ఒకటి ఎడమవైపు పైకి, ఇంకొకటి కుడివైపు కిందికి సాగిపోతాయి. ఇంటర్ చదివిన ప్రతి ఒక్కరూ స్పర్శరేఖ, అభిలంబరేఖల సమీకరణాలు రాసే ఉంటారు. ఆ లెక్కలో అసలు కష్టం ఎక్కడుందో, అది ఎలా విడిపోయిందో చూడటానికి ఈ ఆకు కన్నా మంచి చోటు లేదు. మనం దాని అంచు మీద ఒకే ఒక్క బిందువు తీసుకుందాం: (4/3, 8/3).

ముందు ఆ బిందువు నిజంగా వక్రం మీద ఉందో లేదో చూడాలి. ఘనాలు 64/27, 512/27. కలిపితే 576/27, అంటే 64/3. కుడివైపు 6 × 4/3 × 8/3 కూడా 64/3. సరిపోయింది. ఈ పరీక్షను చాలామంది వదిలేస్తారు. వక్రం మీద లేని బిందువును ప్రతిక్షేపించినా వాలు పేరుతో ఏదో ఒక సంఖ్య వచ్చేస్తుంది. అది తప్పని లెక్క మధ్యలో ఎక్కడా తెలియదు.

స్పర్శరేఖ అంటే ఏమిటి? పదో తరగతిలో వృత్తం దగ్గర నేర్చుకున్న నిర్వచనం, వృత్తాన్ని ఒకే ఒక్క బిందువు వద్ద తాకే రేఖ అని. వృత్తం వరకు అది నూటికి నూరుపాళ్లు నిజం. మిగతా వక్రాలకు మాత్రం అది రెండు వైపులా దెబ్బతింటుంది. y² = 4x అనే పరావలయాన్ని తీసుకుంటే, y = 2 అనే అడ్డగీత దాన్ని (1, 2) దగ్గర ఒక్కచోటే కలుస్తుంది. అయినా అది స్పర్శరేఖ కాదు, వక్రాన్ని కోసుకుంటూ పోతుంది. రెండో వైపు దెబ్బ సంగతి మన ఆకు దగ్గరే తర్వాత కనిపిస్తుంది.

సరైన నిర్వచనం ఇది. వక్రం మీద మనకు కావలసిన బిందువును P అందాం. దాని పక్కనే వక్రం మీద Q అనే ఇంకో బిందువు తీసుకుని రెండింటినీ కలుపుతూ ఛేదనరేఖ గీయాలి. Qను వక్రం మీదుగానే జరుపుతూ P దగ్గరికి తెస్తే ఆ ఛేదనరేఖ కొద్దికొద్దిగా తిరుగుతూ ఒక స్థానంలో స్థిరపడుతుంది. ఆ స్థానంలో ఉన్న రేఖే P వద్ద స్పర్శరేఖ. దానికి P దగ్గర లంబంగా నిలిచేది అభిలంబరేఖ. చేలో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పేవాళ్లకు ఈ రెండు రేఖలూ చేతికి తెలిసినవే. పట్టు వదిలిన క్షణాన రాయి స్పర్శరేఖ దిశలో ఎగిరిపోతుంది. అప్పటిదాకా దాన్ని లాగిపట్టిన తాడు అభిలంబం వెంట ఉంటుంది.

సరళరేఖ సమీకరణం రాయడానికి రెండు సంగతులు చాలు: అది వెళ్లే ఒక బిందువు, దాని వాలు. బిందువు (x₁, y₁), వాలు m అయితే

y − y₁ = m(x − x₁)

బిందువును ప్రశ్నలోనే ఇచ్చేస్తారు. కాబట్టి మిగిలిన పనంతా వాలు కనుక్కోవడమే. స్పర్శరేఖ వాలు తెలిస్తే అభిలంబరేఖ వాలు దాని వెంటే వస్తుంది. ఉదాహరణకు ఒక రేఖ మీద కుడికి 5 గళ్లు నడిస్తే 4 గళ్లు పైకి ఎక్కుతామనుకుందాం. దాని వాలు 4/5. ఆ రేఖను 90 డిగ్రీలు అపసవ్యదిశలో తిప్పితే, కుడికి వేసిన 5 గళ్లు పైకి తిరుగుతాయి, పైకి ఎక్కిన 4 గళ్లు ఎడమకు తిరుగుతాయి. కొత్త వాలు −5/4. అభిలంబం వాలు −1/m అని బట్టీపట్టే సూత్రం వెనక ఉన్నది ఈ మలుపే. విలోమం ఎందుకు, రుణ గుర్తు ఎందుకు అనే రెండు ప్రశ్నలకూ జవాబు ఇందులోనే ఉంది.

వాలు కనుక్కోవడమెలా అన్నదే 1638 నాటి పేచీ.

దెకార్త్ దగ్గరా ఒక పద్ధతి ఉంది. దాన్ని ఆయన అంతకు ముందు సంవత్సరమే, 1637లో, ‘జ్యామితి’ అనే గ్రంథంలో అచ్చు వేయించాడు. విశేషమేమంటే ఆయన స్పర్శరేఖను వెతకలేదు, ముందు అభిలంబాన్ని వెతికాడు. దానికి తగిన కారణం కనిపిస్తుంది. అదే సంపుటంలో కాంతి వక్రీభవనం గురించి, కటకాల గురించి ఆయన రాసిన మరో గ్రంథం ఉంది. గాజు ఉపరితలం మీద పడిన కాంతి కిరణం ఎంత వంగుతుందో చెప్పాలంటే కోణాన్ని కొలిచేది ఉపరితలం నుంచి కాదు, అక్కడి అభిలంబం నుంచి. అభిలంబం దొరకకపోతే కటకం లెక్క ముందుకు సాగదు. తనకు తెలిసిన జ్యామితి సమస్యల్లోకెల్లా ఎక్కువ ఉపయోగమైనది ఇదేనని దెకార్త్ ఆ గ్రంథంలో చెప్పుకున్నాడు.

ఆయన ఊహ చాలా అందమైనది. వక్రం మీద P అనే బిందువు ఉంది. అక్షం మీద ఎక్కడో కేంద్రం పెట్టి P గుండా పోయేలా వృత్తం గీయాలి. మామూలుగా ఆ వృత్తం వక్రాన్ని P దగ్గర కోసి, పక్కనే ఇంకోచోట మళ్లీ కోస్తుంది. కేంద్రాన్ని అక్షం మీద అటూ ఇటూ జరిపితే ఒకచోట ఆ రెండు ఖండన బిందువులూ కలిసి ఒకటైపోతాయి. అప్పుడు వృత్తం వక్రాన్ని P దగ్గర కోయకుండా తాకుతుంది. ఆ స్థితిలో వృత్తం వ్యాసార్ధమే వక్రానికి అభిలంబం. బీజగణితంలో దీనికి సమానమైన మాట, వచ్చే సమీకరణానికి రెండు సమాన మూలాలు ఉండాలి అని.

పరావలయం మీద ఇది ఎంత చక్కగా నడుస్తుందో చూడండి. y² = 4x మీద (1, 2) బిందువు తీసుకుందాం. వృత్త కేంద్రం (c, 0) అయితే ఆ వృత్తం సమీకరణం

(x − c)² + y² = (1 − c)² + 4

y² ఉన్నచోట 4x పెట్టి సర్దితే

x² + (4 − 2c)x + (2c − 5) = 0

దీనికి x = 1 రెండుసార్లు మూలం కావాలి. అంటే ఇది x² − 2x + 1 = 0తో సమానం కావాలి. x గుణకాలను పోలిస్తే 4 − 2c = −2, కనుక c = 3. చివరి పదం 2 × 3 − 5 = 1, అదీ సరిపోయింది. కేంద్రం (3, 0) నుంచి (1, 2)కు గీసిన రేఖ అభిలంబం. దాని వాలు −1, సమీకరణం x + y = 3. దానికి లంబంగా స్పర్శరేఖ వాలు 1, సమీకరణం y = x + 1. ఇందులో అవకలనం ఊసే లేదు.

ఈ లెక్క ఎందుకు ఉపయోగమో ఇంటి కప్పు మీది డిష్ యాంటెన్నా చెబుతుంది. దాని ఉపరితలం పరావలయాన్ని అక్షం చుట్టూ తిప్పితే వచ్చేదే. మన పరావలయానికి కుడివైపు నుంచి y = 2 వెంట ఒక తరంగం వచ్చి (1, 2) దగ్గర తగిలిందనుకుందాం. అభిలంబం వాలు −1 కనుక వచ్చిన దారికీ దానికీ మధ్య కోణం 45 డిగ్రీలు. ప్రతిఫలించిన తరంగం అభిలంబానికి అవతలివైపు మళ్లీ 45 డిగ్రీలు చేస్తూ పోవాలి. అంటే నిట్టనిలువుగా కిందికి, (1, 0) వైపు. y² = 4x పరావలయానికి నాభి సరిగ్గా (1, 0). వేరే బిందువు దగ్గర తగిలితే అభిలంబం ఇంకో కోణంలో ఉంటుంది, కానీ తరంగం చేరేది మాత్రం ఆ నాభికే.

ఇంత బాగున్న పద్ధతి ఆకు దగ్గరికి వచ్చేసరికి కుంటుపడుతుంది. పరావలయంలో y² విలువ 4x అని చేతికందింది, దాన్ని నేరుగా వృత్తంలో పెట్టేశాం. x³ + y³ = 6xyలో yని విడదీయడం అంత తేలిక కాదు. వృత్తం సమీకరణం నుంచి y² విలువ తెచ్చి ఇక్కడ పెడితే ఒక y ఇంకా మిగిలే ఉంటుంది. దాన్ని పోగొట్టడానికి రెండు వైపులా వర్గం చేయాలి. అప్పుడు ఆరో ఘాతం వరకు పోయే సమీకరణం వస్తుంది. దానికి 4/3 రెండుసార్లు మూలం అయ్యేలా కేంద్రాన్ని కనుక్కోవాలంటే తెలియని గుణకాలను ఒక్కొక్కటిగా పోల్చుకుంటూ పేజీలు నింపాలి. సూత్రరీత్యా పద్ధతి తప్పు కాదు, కానీ మనిషి చేతితో చేసే లెక్కకు అది మోయలేని బరువు. దెకార్త్ పంపిన వక్రం ఆయన పద్ధతికే మింగుడుపడనిది.

ఫెర్మా దారి వేరు. ఆయన వక్రాన్ని వదిలి పక్కన వృత్తాలు గీయలేదు. బిందువు దగ్గరే నిలబడి, ఒక చిన్న అడుగు వేసి చూశాడు. ఆ చిన్న అడుగుకు e అని పేరు పెట్టాడు. ఆయన రాతలో తెలియని రాశి వాలు కాదు, స్పర్శరేఖ అక్షాన్ని తాకేచోటి నుంచి బిందువు పాదం వరకు ఉన్న దూరం. దాన్నే మన పాఠ్యపుస్తకాల్లో ఉపస్పర్శ ఖండం అంటారు. ఆ ఊహనే నేటి అలవాటు ప్రకారం వాలుతో రాస్తే ఇలా ఉంటుంది.

స్పర్శరేఖ వాలు m అనుకుందాం. దాని మీద x దిశలో e అంత జరిగితే y దిశలో me జరుగుతాం. అప్పుడు మనం ఉన్న బిందువు (x + e, y + me). ఇది స్పర్శరేఖ మీది బిందువు, వక్రం మీదిది కాదు. అయినా e చాలా చిన్నదైతే అది వక్రం మీద ఉన్నట్టే లెక్క అని ఫెర్మా భావన. కనుక దాన్ని వక్రం సమీకరణంలో పెడదాం:

(x + e)³ + (y + me)³ = 6(x + e)(y + me)

విస్తరిస్తే x³, y³, 6xy అనే పాత పదాలు వక్రం సమీకరణం వల్లే రెండు వైపులా రద్దయిపోతాయి. మిగిలిన ప్రతి పదంలోనూ కనీసం ఒక e ఉంటుంది. అంతటినీ eతో భాగించాలి. ఆ తర్వాత కూడా e మిగిలిన పదాలను, అవి లెక్కలోకి రానంత చిన్నవి కనుక, వదిలేయాలి. చేతికి వచ్చేది

3x² + 3y²m = 6y + 6xm

ఇందులో x = 4/3, y = 8/3 పెడితే

16/3 + (64/3)m = 16 + 8m

m ఉన్న పదాలను ఒకవైపు చేరిస్తే (40/3)m = 32/3. కాబట్టి m = 4/5.

అంతే. ఆరో ఘాతం సమీకరణంతో కుస్తీ పట్టాల్సినచోట నాలుగు గీతల్లో పని అయిపోయింది. మీది ఘాతాలు ఎంత పెద్దవైనా ఈ పద్ధతికి లెక్కలేదు, ఎందుకంటే e ఒక్కసారే ఉన్న పదాలు తప్ప మిగతావన్నీ చివరికి రాలిపోయేవే.

ఇప్పుడు సమీకరణాలు రాయడమే. స్పర్శరేఖ:

y − 8/3 = (4/5)(x − 4/3), అంటే 4x − 5y + 8 = 0

అభిలంబరేఖ వాలు −5/4:

y − 8/3 = (−5/4)(x − 4/3), అంటే 15x + 12y = 52

రెండింటిలోనూ బిందువును తిరిగి పెట్టి చూసుకోవచ్చు. మొదటిదానిలో 16/3 − 40/3 + 8 సున్నా అవుతుంది. రెండోదానిలో 20 + 32 కలిపి 52 అవుతుంది. స్పర్శరేఖ x అక్షాన్ని x = −2 దగ్గర కోస్తుంది. అక్కడి నుంచి 4/3 వరకు దూరం 10/3, అదే ఫెర్మా వెతికిన ఉపస్పర్శ ఖండం.

ఆ వేసవికల్లా ఫెర్మా తన పద్ధతిని విడమర్చి రాసి పంపాడు. ఈలోగా పారిస్‌లో పండితులు రెండు పక్షాలుగా చీలారు. రోబెర్వాల్, ఎతియెన్ పాస్కల్ ఫెర్మా వైపు నిలిచి వాదించారు. చివరికి జులైలో దెకార్త్ నేరుగా ఫెర్మాకే ఉత్తరం రాసి, పద్ధతి చాలా బాగుందని, మొదటే ఇలా వివరించి ఉంటే తాను కాదనేవాణ్ని కానని ఒప్పుకున్నాడు. అంత పట్టుదల గల మనిషి ఆ మాట రాయడం చిన్న సంగతేమీ కాదు.

వదిలేసిన ఆ e నిజంగా ఏమిటి, సున్నా అయితే దానితో ఎలా భాగించాం, సున్నా కాకపోతే ఎలా వదిలేశాం అనే ప్రశ్న మాత్రం చాలాకాలం నలిగింది. దానికి గట్టి సమాధానం 19వ శతాబ్దంలో అవధి భావనకు కచ్చితమైన రూపం వచ్చాకే దొరికింది. ఈలోపే పని ఆగలేదు. 1684లో లైబ్నిజ్ అచ్చువేసిన వ్యాసంతో ఈ చిన్న అడుగుల లెక్కకు నియమాలు ఏర్పడ్డాయి. కాలేజీలో నేడు నేర్పే అవకలనం ఆ నియమాలే. x³ + y³ = 6xyని రెండు వైపులా xతో అవకలనం చేస్తే

3x² + 3y²(dy/dx) = 6y + 6x(dy/dx)

ఫెర్మా గీతే మళ్లీ వచ్చింది, m ఉన్నచోట dy/dx ఉంది, అంతే తేడా. yని విడదీసి రాయనక్కర్లేదు. y కూడా xతో పాటు మారుతుందని గుర్తుంచుకుంటే చాలు.

చాలామంది విద్యార్థులు జారేది కుడివైపున ఉన్న 6xy దగ్గర. అది రెండు మారే రాశుల లబ్ధం. దాని అవకలజంలో రెండు పదాలు ఉండాలి. తొందరలో 6(dy/dx) అని ఒక్క పదం రాసేస్తే, మన బిందువు దగ్గర వాలు −8/23 అని వస్తుంది. రుణ గుర్తు చూడగానే అనుమానం రావాలి. ఆకు పై అంచు కాడ దగ్గర మొదలై x విలువ సుమారు 2.52 అయ్యేవరకు పైకే ఎక్కుతుంది. మన బిందువు 4/3 దగ్గర, అంటే ఇంకా ఎక్కుతున్న దారిలోనే ఉంది. అక్కడ వాలు రుణాత్మకం కావడానికి వీల్లేదు. చేతితో గీసిన ఓ ముతక బొమ్మ కూడా ఈ తప్పును పట్టిస్తుంది.

గుర్తు సరిగ్గా వచ్చి విలువ తప్పినప్పుడు బొమ్మ చాలదు. అప్పుడు పనికొచ్చే పరీక్ష ఒకటుంది. దానికి కాలిక్యులేటర్ ఉంటే చాలు. మన బిందువు నుంచి x దిశలో 0.1 జరుగుదాం. స్పర్శరేఖ మీద y విలువ 2.7467. అదే xకి వక్రం మీద y విలువ 2.7435. తేడా 0.0032. ఇప్పుడు అడుగును పదో వంతుకు తగ్గించి 0.01 మాత్రమే జరుగుదాం. రేఖకూ వక్రానికీ తేడా సుమారు 0.00003కి పడిపోతుంది. అడుగు పదో వంతు అయితే తేడా వందో వంతు అయింది. నిజమైన స్పర్శరేఖ గుర్తు ఇదే. వాలు కొంచెం తప్పినా తేడా అడుగుతో పాటు పదో వంతుకే తగ్గుతుంది, వందో వంతుకు తగ్గదు. ఒక బిందువు గుండా లెక్కలేనన్ని రేఖలు పోతాయి. వాటన్నిటిలోంచి స్పర్శరేఖను వేరుచేసి చూపించేది ఈ తగ్గుదల వేగమే. ఈ పరీక్షను క్లాసులో సూత్రానికంటే ముందే చేయించాలి. స్పర్శరేఖ అంటే ఏమిటో పిల్లలకు అప్పుడు అంకెల్లోనే కనిపిస్తుంది.

ఇక పైన చెప్పకుండా వదిలేసిన రెండో దెబ్బ. మన స్పర్శరేఖ 4x − 5y + 8 = 0ను ఎడమవైపు పొడిగిస్తే అది వక్రం పై తోకను (−32/21, 8/21) దగ్గర కోసుకుని పోతుంది. సందేహం ఉన్నవాళ్లు ఆ విలువలను రెండు సమీకరణాల్లోనూ పెట్టి చూడవచ్చు, రెండూ సరిపోతాయి. అంటే స్పర్శరేఖ వక్రాన్ని ఇంకోచోట కలవడంలో తప్పేమీ లేదు. తాకడం అనేది ఆ బిందువు పరిసరాలకు సంబంధించిన విషయం, రేఖ మొత్తానికి సంబంధించినది కాదు. దాన్ని బట్టే, ‘ఇచ్చిన బిందువు వద్ద స్పర్శరేఖ’ అన్న ప్రశ్నా, ‘ఇచ్చిన బిందువు గుండా పోయే స్పర్శరేఖ’ అన్న ప్రశ్నా వేర్వేరు అవుతాయి. రెండోదానిలో స్పర్శబిందువు ఎక్కడో మనమే వెతుక్కోవాలి. (−32/21, 8/21) అనే బిందువు గుండా ఒక స్పర్శరేఖ పోతోంది, కానీ అది తాకుతున్నది అక్కడ కాదు. పరీక్షలో ప్రశ్నను తొందరగా చదివినవాళ్లు మార్కులు పోగొట్టుకునేది ఈ తేడా దగ్గరే.

వాలును ఒక్కపట్టున సూత్రంగా రాసుకుంటే

dy/dx = (2y − x²)/(y² − 2x)

ఆకు మీద ఇది ఇబ్బందిపెట్టే చోట్లు కొన్ని ఉన్నాయి. లవం సున్నా అయ్యే చోటు, ఆకు పై అంచులో అన్నిటికన్నా ఎత్తైన బిందువు. అక్కడ x సుమారు 2.52, y సుమారు 3.17. స్పర్శరేఖ అడ్డంగా ఉంటుంది, దాని వాలు సున్నా. అభిలంబానికి −1/m అని రాయబోతే సున్నాతో భాగించాల్సి వస్తుంది. అభిలంబం లేక కాదు ఇది. నిట్టనిలువు గీతకు వాలు అనే సంఖ్య లేదు కాబట్టి సూత్రం ఆగిపోయింది. సమీకరణం మాత్రం x = స్థిరసంఖ్య అని హాయిగా రాయవచ్చు. హారం సున్నా అయ్యేచోట ఇదే కథ తిరగబడుతుంది. అక్కడ స్పర్శరేఖ నిలువు, అభిలంబం అడ్డం.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది కాడ, అంటే మూలబిందువు. అక్కడ లవమూ సున్నా, హారమూ సున్నా. సూత్రం ఏ జవాబూ ఇవ్వదు. కారణం బొమ్మలో కనిపిస్తుంది. వక్రం మూలబిందువు గుండా రెండుసార్లు పోతుంది, ఒకదారి అడ్డంగా, ఇంకోదారి నిలువుగా. ఒక్క వాలు అడిగితే అది ఏ దారి గురించి చెప్పాలి?

అయినా లెక్కకు దారి ఉంది. మూలబిందువుకు బాగా దగ్గర్లో x, y రెండూ చిన్న సంఖ్యలు. 0.01 ఘనం మిలియన్‌లో ఒక వంతు, అదే 0.01 × 0.01 పదివేలలో ఒక వంతు. కనుక ఘనాల ముందు లబ్ధానిదే పైచేయి కావాలి. సమీకరణంలో అన్నిటికన్నా తక్కువ ఘాతం ఉన్న పదం 6xy. దాన్ని ఒక్కదాన్నే ఉంచి సున్నాకు సమానం చేస్తే xy = 0, అంటే x = 0 లేదా y = 0. ఇవే అక్కడి రెండు స్పర్శరేఖలు. ఒక దారి y = x²/6 అనే పరావలయానికి అతి దగ్గరగా x అక్షాన్ని తాకుతూ పోతుంది. ఇంకోటి x = y²/6కు దగ్గరగా y అక్షాన్ని తాకుతూ పోతుంది. ఈ కిటుకు మూలబిందువు గుండా పోయే బహుపది వక్రాలన్నిటికీ పనిచేస్తుంది. దానికి అవకలనం కూడా అక్కర్లేదు, అన్నిటికన్నా తక్కువ ఘాతం ఉన్న పదాలను ఏరి సున్నాకు సమానం చేయాలి, అంతే.

అభిలంబాల సంగతి ఇక్కడ ఇంకా ముచ్చటగా ఉంటుంది. అడ్డంగా పోయే దారికి స్పర్శరేఖ x అక్షం, అభిలంబం y అక్షం. నిలువుగా పోయే దారికి స్పర్శరేఖ y అక్షం, అభిలంబం x అక్షం. ఆకు కాడ దగ్గర ఉన్నవి మొత్తం రెండే రేఖలు, ప్రతి రేఖా ఒక దారికి స్పర్శరేఖగా, రెండోదానికి అభిలంబంగా రెండు పనులూ చేస్తోంది.